ముప్పై రెండు పళ్ళ బొమ్మ

నాకు కోపం తొందరగా వస్తుంది. మా నాయన ఇచ్చిన ఆస్తి ఇదొక్కటే గనక దీన్ని ఇప్పటిదాకా జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాను. బొమ్మలు వేసి బతికినన్నాళ్ళూ ఆ కోపంలో సగం పైగా ఒకే మాట మీద ఖర్చయింది. "బొమ్మేగదా, ఒకసారి గీసి పారెయ్" అన్న మాట మీద.

మద్రాసులో అచ్చుబొమ్మల బ్లాకులు చేసే దుకాణంలో కొన్నేళ్ళు పనిచేసి, మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో ఆత్మకూరు చేరాను. బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఒక చిన్న ప్రెస్సు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, వేలం నోటీసులు వేసేవారు. దాని పక్క గదిలో నేను కుదురుకున్నాను. నాకు వచ్చే పని అంతా బోర్డులు రాయడం, శుభలేఖల మీదికి వినాయకుణ్ణి గీయడం. ఆ వినాయకుణ్ణి ఎన్నిసార్లు గీశానో, ఆయన ఎదురుపడితే నన్ను పేరు పెట్టి పిలిచేవాడు.

ఒక మధ్యాహ్నం ఉదయగిరి బస్సు దిగి ఒక శెట్టిగారు నా గదికి వచ్చారు. కిరాణా కొట్టు మనిషి, నలభై దాటిన వయసు. చేతిలో చిన్న పొట్లం. పలకరింపు కూడా లేకుండా పొట్లం విప్పి, పళ్ళు తోముకోమన్నారు. భోజనమైన వేళ అది. నేను తటపటాయిస్తే, కూజాలో నీళ్ళు కూడా ఆయనే వంచారు. కరక్కాయ, తుమ్మబెరడు, లవంగం, ఉప్పు, ఇంకేవో కలిసిన పొడి. తోముకున్నాక నోట్లో కొత్త నాలుక పుట్టినట్టు అనిపించింది. ఆ మాటే చెప్పాను.

అప్పుడు కూర్చుని సంగతి చెప్పారు. ఆ పొడి వాళ్ళమ్మ చేతిది. కాపరానికి వచ్చినప్పటి నుంచీ ఆమె నూరుతూ, ఊళ్ళో అడిగినవాళ్ళకల్లా ఊరికే పంచుతూ వచ్చింది. శెట్టిగారు దాన్ని పొట్లాలు కట్టి అమ్మాలనుకున్నారు. నెల్లూరులో ఒక హోల్‌సేల్ షావుకారు పొడి నచ్చిందన్నాడు గానీ, పేపరు పొట్లంలో పెడితే అది పళ్ళపొడో ముక్కుపొడో ఎవరికి తెలుసన్నాడట. దసరాకి అతను కొట్టు సర్ది కొత్త సరుకు పెట్టుకుంటాడు. ఆలోగా బొమ్మ అచ్చేసిన లేబులుతో సరుకు పంపితే పెడతాడు, లేకపోతే ఆ చోటు ఇంకెవరిదో. శెట్టిగారు అప్పటికే పొడి డబ్బాలకు డబ్బాలు సిద్ధం చేసి కూర్చున్నారు. లేబులు మీద వాళ్ళమ్మ నవ్వుతూ ఉండాలి. ఎనభై దాటినా ఒక్క పన్ను కదలని మనిషి ఆమె.

"ముప్పై రెండూ కనపడాల," అన్నారు శెట్టిగారు. "ఒక్కటి తగ్గినా నా పొడికి పేరు ఉండదు."

నోరు ఎంత తెరిచినా ముప్పై రెండు కనపడవని చెప్పబోయాను. ఆయన అప్పటికే బస్సుకి లేచారు.

మరునాడు తెల్లవారక ముందే బయలుదేరి ఉదయగిరి వెళ్ళాను. కొండ నీడ ఇంకా వీధిలోనే ఉంది. శెట్టిగారి ఇల్లూ కొట్టూ ఒకటే, ముందు కొట్టు, వెనక ఇల్లు. అవ్వ రోటి దగ్గర ఉంది. నన్ను చూడగానే నవ్వింది. శెట్టిగారు చెప్పిందాంట్లో గొప్పలేం లేవు. ఆ నవ్వులో దాపరికం అన్నది లేదు, నోరంతా తెరిచి, తల వెనక్కి వేసి నవ్వేది. పక్కన అరుగు మీద ఆమె పెనిమిటి కూర్చుని ఉన్నాడు, బోసినోరు. పెళ్ళాం నూరిన పొడి వాడితే మగతనానికి తక్కువని వేపపుల్లతో సరిపెట్టిన మనిషట. అవ్వ ఆయన వైపు చూపించి, "మా ఇంటాయన పొడి వాడలేదు, నేను వాడినా. ఇద్దరినీ పక్కపక్కన అచ్చేస్తే రాత కూడా అక్కర్లేదు," అంది. అంత మంచి ప్రకటన నేను మళ్ళీ వినలేదు. కానీ శెట్టిగారు తండ్రి పరువు పోతుందని ఒప్పుకోలేదు.

ఆమె కుదురుగా కూర్చునే మనిషి కాదు. రోట్లో నూరుతుంది, లేస్తుంది, వక్క కొరుకుతుంది, నవ్వుతుంది. అందిన మటుకు పెన్సిలుతో గీశాను. అది చిత్తు. ఏది ఎక్కడ ఉండాలో చూసుకోవడానికి గీసే గీతలు. రోలు ఒక పక్క, కొండ వెనక, అవ్వ మధ్యలో. ఒక చెయ్యి ఇంకా పెట్టలేదు. పళ్ళ చోట నిలువు గీతలు బరబరా గీకాను, తర్వాత చూసుకోవచ్చని. అమరిక నచ్చిందా లేదా అని అడగడానికి దాన్ని శెట్టిగారి చేతికి ఇచ్చాను.

అప్పుడే ఆయన కొట్టు తలుపు చెక్కలు తీసి, సాంబ్రాణి వేసి, గల్లాపెట్టెకు దండం పెట్టి కూర్చున్నారు. ఇంకా ఎవరూ రాలేదు. ఆ రోజు ఆయన చేతికి వచ్చిన మొదటి వస్తువు నా చిత్తు కాగితం. రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నారు. మూల పసుపు రాసి, అవ్వ నుదుటన కుంకుమ పెట్టి, లక్ష్మీదేవి పటం పక్కన మేకుకు గుచ్చారు.

బోణీ అయిపోయింది. ఇంక అది చిత్తు కాదు, బోణీ బొమ్మ.

"అచ్చం ఇట్నే దింపెయ్ అబ్బయా," అన్నారు.

ఇది ఊరికే గీసింది శెట్టిగారూ, దీన్ని బాగుచేయాలి, చెయ్యి పెట్టాలి, మొహం పెద్దది చెయ్యాలి, రోలూ కొండా తీసేయాలి అని చెప్పాను. ఆయన మొహం చూస్తే నేనేదో కాని మాట అన్నట్టు ఉంది. బోణీ బేరానికి వంక పెట్టేవాణ్ణి ఆయన ఎన్నడూ కొట్లో నిలవనివ్వలేదట. బోణీ వెనక్కి పంపితే వ్యాపారం వెనక్కి పోతాదట. పైగా, మొదటిసారి కుదరని పని ఎందుకు చేస్తావని నన్నే అడిగారు. దర్జీ గుడ్డ ఒక్కసారే కత్తిరిస్తాడు గదా అన్నారు. కత్తిరించే ముందు సుద్దతో గీస్తాడు, ఇది ఆ సుద్దగీత అన్నాను. సుద్దగీతకి కుంకుమ పెట్టినామా ఎక్కడన్నా అన్నారాయన. నాకు కోపం వచ్చింది. ఆయన కాఫీ తెప్పించారు. కోపంలో తాగిన కాఫీ అది, రుచి గుర్తులేదు.

పోనీ, చెప్పినట్టే చేస్తాను, చూసుకోమన్నాను. మేకు మీది చిత్తుకు నకలు దించుకుని ఆత్మకూరు వచ్చి, తెల్ల అట్ట మీద నల్ల సిరాతో, లేబులు కంటే రెట్టింపు పెద్దగా గీశాను. చేతిని కోక కొంగు వెనక్కి తోశాను, పెట్టడానికి అనుమతి లేదు గనక. పళ్ళు మాత్రం ఆయన అడిగినట్టు గీతకి గీత. మద్రాసు దుకాణానికి టపాలో పంపాను.

బ్లాకు ఎలా చేస్తారో శెట్టిగారికి చెప్పానో లేదో గుర్తులేదు, చెప్పినా వినే స్థితిలో లేరు. బొమ్మను కెమెరాతో చిన్నది చేసి, జింకు రేకు మీదికి దింపుతారు. నల్లగా ఉన్న చోట రేకును కాపాడి, తెల్లగా ఉన్న చోట ఆసిడ్‌తో తినిపిస్తారు. మిగిలిన ఎత్తు గీతలకు సిరా అంటుతుంది. బొమ్మ చిన్నదైతే గీతల మధ్య సందులూ చిన్నవవుతాయి. మన నాసిరకం కాగితం మీద సిరా కాస్త పరుచుకుంటుంది. సందులు పూడిపోతాయి.

బ్లాకు వచ్చిందని కబురు పంపితే శెట్టిగారు ఒంటరిగా రాలేదు. అవ్వను బస్సెక్కించి తీసుకొచ్చారు. తన మొహం అచ్చులో చూసుకోవాలని ఆమెకు ముచ్చట. కొత్త కోక కట్టింది, ప్రెస్సులో స్టూలు మీద కూర్చుంది. ప్రెస్సు యజమాని బ్లాకు బిగించి ట్రెడిల్ తొక్కి ఒక ప్రూఫు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

రోలు బ్రహ్మాండంగా పడింది. కొండ మీద రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. మధ్యలో చింతగింజంత మొహం, అందులో నోరు ఉండవలసిన చోట నల్లటి గుంట.

అవ్వ కాగితాన్ని దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. తర్వాత కొడుకుతో, "ఇది నేను గాదురా. మీ నాయన," అంది.

ప్రెస్సు యజమాని మిషను వెనక్కి వెళ్ళిపోయాడు, ఆయన నవ్వడం మాకు కనపడకూడదని. శెట్టిగారికి నవ్వు రాలేదు. ఆయన గోడకు చేరగిలబడ్డారు. బోణీ బొమ్మ చెడిపోయింది, దసరా దగ్గరపడుతోంది, డబ్బాల నిండా పొడి మూల్గుతోంది. ఇది దేవుడు వద్దన్న వ్యాపారం, పొడి మళ్ళీ ఊళ్ళో పంచిపెట్టేస్తానన్నారు. ఆ మాట ఆయన అనగానే నా కోపమంతా దిగిపోయింది. అంతవరకు, చూశారా, నేను చెప్పలేదా అనాలని నాలుక చివర పెట్టుకుని ఉన్నాను. అనలేకపోయాను.

ఆ చిక్కు తెంచింది అవ్వే. ఆమె కొడుకును కూర్చోమంది.

"ఇల్లు కట్టేటప్పుడు ముందు ఏం కడతాంరా? దిష్టిబొమ్మ. దానికి మూతి సక్కంగా ఉండాదా అని ఎవురన్నా చూస్తారా? ఊరి కళ్ళన్నీ దాని మీద పడితే, మన ఇల్లు బాగుంటాది. ఈ అబ్బయి మొదట గీసింది దిష్టిబొమ్మ. దానికి పెట్టిన కుంకుమ యాడికీ పోదు. ఇంక ఇల్లు కట్టుకోండి."

శెట్టిగారు ప్రూఫు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. బోణీని బోణీగా ఉంచి, దిష్టిబొమ్మను దిష్టిబొమ్మగా చేయడం ఆయన వేదాంతానికి సరిపోయింది. నేను మద్రాసులో అంత చదువు వెలగబెట్టి చెప్పలేకపోయిన మాట అది. మొదటి బొమ్మ చూడటానికి, ఉంచుకోవడానికి కాదు.

ఇక నేను అందుకున్నాను. పొడిలో ఉప్పు ఎలా వేస్తారని అడిగాను. ముందు తక్కువేసి, నాలుక మీద చూసుకుని, కావాలంటే మళ్ళీ వేస్తామంది అవ్వ. ఎక్కువైతే తీయలేం గదా అంది. బ్లాకు దానికి తలకిందులు అని చెప్పాను. రేకు మీద నలుపు ఎక్కువుంటే ఉలితో గీకి తెల్లగా చేయొచ్చు, కానీ ఆసిడ్ తినేసిన చోట మళ్ళీ నలుపు పెట్టలేం. అందుకని బ్లాకు దాకా వస్తే నలుపు కాస్త ఎక్కువే ఉంచుకుంటాం. పెన్సిలు దగ్గర ఏమైనా మార్చొచ్చు, మనిషిని తీసి గొడ్డును పెట్టమన్నా పెడతాను. సిరా వేశాక తెల్లరంగుతో చిన్న చిన్న దిద్దుబాట్లు మాత్రమే. బ్లాకు అయ్యాక గీకడం తప్ప ఇంకేం లేదు. కాబట్టి అనాల్సినవాళ్ళందరూ పెన్సిలు దగ్గరే అనేయాలి. తర్వాత ఎవరికైనా కల వచ్చిందంటే ఆ కల వాళ్ళ దగ్గరే ఉంచుకోవాలి.

శెట్టిగారు వ్యాపారి. విన్నాక ఆయన లెక్క ఆయనే వేసుకున్నారు. దసరా నుంచి వెనక్కి నడుస్తూ వచ్చారు. సరుకు నెల్లూరు చేరడానికి ఇంత, పొట్లాలు కట్టి లేబుళ్ళు అంటించడానికి ఇంత, అచ్చుకి ఇంత, మద్రాసు నుంచి బ్లాకు రావడానికి ఇంత, ప్రూఫులో తప్పొస్తే గీకడానికి ఒక రోజు. మిగిలిన రోజులన్నీ పెన్సిలువి. "తప్పుకి ఒక రోజు ముందే పెట్టుకున్నామంటే, తప్పు రాకపోతే అది లాభం గదా," అన్నారు. నా జీవితంలో అంత బాగా అర్థం చేసుకున్న గిరాకీ ఇంకొకరు లేరు.

అయితే అర్థమైనదాన్ని అతిగా అమలు చేశారు. ఈసారి మూడు చిత్తులు పట్టుకుని ఉదయగిరి వెళ్తే, పెన్సిలు దగ్గర అనాల్సినవాళ్ళు కొట్టు ముందు వరసగా నిలబడి ఉన్నారు. వీధి వీధంతా వచ్చింది. వరికుంటపాడు నుంచి శెట్టిగారి బావమరిది ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. ఒకాయన అవ్వ చేతిలో తామరపువ్వు పెట్టమన్నాడు. ఒకావిడ వంకీలు పెట్టమంది, లేని నగలు కాగితం మీదన్నా ఉండనీ అంది. బావమరిది ఆవును పెట్టమన్నాడు. పళ్ళపొడికి ఆవెందుకని అడిగితే, ఆవు మంగళకరం గదా, దానికి పళ్ళు కూడా ఉంటాయి గదా అన్నాడు. పై వరస ముందుపళ్ళు దానికి ఉండవని చెప్పాను. అతను నమ్మలేదు. వీధిలో ఒక ఆవును పట్టుకుని నోరు తెరిపించి చూశాక నా మీద గౌరవం పెరిగింది, ఆవు మాత్రం నన్ను ఎప్పటికీ క్షమించలేదు.

మూడు చిత్తులూ కొట్టు గోడకు గుచ్చి శెట్టిగారిని వీధికి అవతల నిలబెట్టాను. లేబులంత చిన్నదైతే ఎలా కనపడుతుందో అక్కణ్ణించి చూస్తే తెలుస్తుందన్నాను. రోలున్నది మసకగా ఉంది. సగం మనిషి ఉన్నది పర్వాలేదు. మొహం ఒక్కటే నిండుగా ఉన్నదాంట్లో నవ్వు వీధి దాటి వచ్చింది. అందులో నేను పళ్ళను విడివిడిగా గీయలేదు. పెదాల మధ్య ఒకే తెల్లటి పట్టీ వదిలి, అక్కడక్కడా చిన్న గుర్తు పెట్టాను. ముప్పై రెండూ ఏవని అడుగుతారేమో అనుకున్నాను. ఆయన వీధి అవతల నుంచే, "అన్నీ ఉండాయి," అని కేకేశారు.

ఆ బొమ్మే సిరాలోకి దిగింది. బ్లాకు వచ్చింది. ప్రూఫులో కింది పెదవి మందంగా పడి, నవ్వు కాస్త మూతి విరుపులా ఉంది. శెట్టిగారు కంగారు పడలేదు. "మనం పెట్టుకున్న రోజు ఇదే గదా," అని బెంచీ మీద కూర్చుని వక్క నమిలారు. సన్న ఉలితో పెదవి అంచు గీకాను. ఇంకో ప్రూఫు తీస్తే కాగితం మీంచి అవ్వ మమ్మల్ని చూసి నవ్వింది. మర్నాడు అచ్చు మొదలుపెట్టాలి.

ఆ మర్నాడే మొదటి బస్సుకి శెట్టిగారు దిగారు. మొహంలో రక్తం లేదు. అచ్చు ఆపమన్నారు. ముందురోజు సాయంత్రం అవ్వ వక్క కొరుకుతుంటే పై ముందుపన్ను ఒకటి విరిగి చేతిలోకి వచ్చిందట.

"ఒక పన్ను తీసేయ్ అబ్బయా. లేంది ఉన్నట్టు అచ్చేస్తే అబద్ధం గదా. మా ఊళ్ళో ఆమెను చూడనోళ్ళెవురు?"

పన్ను తీయడమంటే అక్కడ నలుపు పెట్టడం. రేకు మీద నలుపు పెట్టలేనని మళ్ళీ చెప్పాను. కొత్త బ్లాకు తెప్పిస్తే దసరా దాటిపోతుంది. ఆయన తల పట్టుకున్నారు. దేవుడి మీద ఒట్టు, అబద్ధపు బొమ్మతో అమ్మ పొడి అమ్మనన్నారు. అవ్వనే అడుగుదామని ఇద్దరం ఉదయగిరి బస్సెక్కాం. దారిపొడుగునా ఆయన ప్రూఫు ఒళ్ళో పెట్టుకుని ఆ నవ్వునే చూస్తూ కూర్చున్నారు. అచ్చుకి ముందు బొమ్మ మార్చమన్న మనిషి మీద నాకు కోపం రాకపోవడం అదే మొదటిసారి.

అవ్వ రోటి దగ్గరే ఉంది. పొడి నూరుతోంది. ప్రూఫు చేతికిచ్చి, సంగతి చెప్పాం. ఆమె బొమ్మను మోకాలి మీద పరుచుకుని, వేలితో ఆ తెల్లటి పట్టీని తడిమింది.

"ఈ అబ్బయి గీసిననాడు ఉండాది గదరా. అబద్ధమెట్లవుతాది?" అంది కొడుకుతో. తర్వాత నావైపు చూసింది. "నువ్వు మూడు చిత్తులు గీసి, ఊరందరికీ చూపించి, గీకి, దిద్ది, ఇంత చేసినావు. మమ్మల్ని చేసినోడు చిత్తు గీయలేదు నాయనా. ఒక్కసారే గీసి పంపినాడు. ఇంక దిద్దేది లేదు. ఈ బొమ్మన్నా సక్కంగా ఉండనీ."

శెట్టిగారు ఏడ్చారు. అరుగు మీది ముసలాయన ఏమైందని అడిగాడు. అవ్వ మళ్ళీ నూరడం మొదలుపెట్టింది.

లేబుళ్ళు అచ్చయ్యాయి. దసరాకు ముందే పొట్లాల మూటలు నెల్లూరు వెళ్ళే బస్సు మీదికి ఎక్కాయి. షావుకారు మాట నిలబెట్టుకున్నాడు, పొడి అమ్ముడుపోయింది, మళ్ళీ మళ్ళీ అచ్చేశాం, అదంతా వేరే సంగతి. ఆ రోజు మూటలు ఎక్కించడం చూడటానికి నేనూ ఉదయగిరి వెళ్ళాను. అవ్వ కొట్టు గుమ్మంలో నిలబడింది. ప్రతి పొట్లం మీదా ఆమె నోరంతా తెరిచి నవ్వుతోంది. బస్సు కదిలినప్పుడు ఆమె కూడా నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.